రాత్రి తొమ్మిదిన్నరకి పిల్లల ఫోన్లకి మాత్రమే నెట్ ఆగాలంటే రౌటర్‌లో ఏం చేయాలి

రాత్రి తొమ్మిదిన్నరకి రౌటర్ స్విచ్ తీసేస్తే పిల్లల నెట్ ఆగుతుంది. కానీ బెంగళూరులో చాలా ఇళ్లలో అమ్మకో నాన్నకో అమెరికా టీమ్‌తో కాల్ మొదలయ్యేది సరిగ్గా ఆ టైమ్‌కే. నానమ్మ హాల్లో టీవీలో యూట్యూబ్ పెట్టుకుని ఉంటుంది. గుమ్మం దగ్గర కెమెరా కూడా అదే వైఫై మీద నడుస్తుంది. కాబట్టి ఇల్లంతటికీ కాకుండా పిల్లల పరికరాలకి మాత్రమే, రోజూ చెప్పిన టైమ్‌కి, ఎవరూ గుర్తుపెట్టుకుని నొక్కే పని లేకుండా నెట్ ఆగాలి. ఇప్పుడు దొరికే చాలా రౌటర్లలో ఈ సదుపాయం ఉంది. సాధారణంగా దాని పేరు Parental Controls.

అక్కడ టైమ్ నింపడం ఐదు నిమిషాల పని. అయినా చాలా ఇళ్లలో వారం తిరక్కుండానే అది పనిచేయడం మానేస్తుంది. రౌటర్ పిల్లాడి ఫోన్‌ని సరిగ్గా గుర్తుపట్టకపోవడం, రౌటర్ గడియారం తప్పుగా ఉండడం, నెట్‌కి ఇంకో దారి తెరిచి ఉండడం, ఈ మూడింట్లో ఏదో ఒకటి కారణం అవుతుంది. అందుకే ఈ మూడింటినీ సరిచేసుకుంటూ వరసగా వెళ్దాం.

ఉదాహరణకి మారతహళ్లిలో ఒక టూ బీహెచ్‌కే ఫ్లాట్ అనుకుందాం. నెట్ కంపెనీ వాళ్లు గోడకి బిగించిన ఫైబర్ మోడెం ఒకటి, దానికి కేబుల్‌తో కలిపిన టీపీ-లింక్ ఆర్చర్ రౌటర్ ఒకటి. తొమ్మిదో తరగతి అబ్బాయికి ఒక ఆండ్రాయిడ్ ఫోన్, ఒక విండోస్ 11 ల్యాప్‌టాప్, ఒక పాత టాబ్ ఉన్నాయి. ఆదివారం నుంచి శుక్రవారం దాకా రాత్రి 9:30 నుంచి ఉదయం 6:00 వరకు ఆ మూడింటికీ నెట్ ఆగాలి. శనివారం రాత్రి మాత్రం 10:30 దాకా ఉండొచ్చు. మీ రౌటర్ వేరే కంపెనీది అయితే మెనూ పేర్లు కొంచెం మారతాయి, పని మారదు.

ముందు ఇంట్లో ఎన్ని వైఫైలు ఉన్నాయో చూడండి

పిల్లాడి ఫోన్‌లో వైఫై జాబితా తెరిచి, మీ ఇంటివి ఎన్ని పేర్లు కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. మన ఉదాహరణలో రెండు పెట్టెలున్నాయి కదా. ఫైబర్ మోడెం కూడా తన సొంత వైఫైని వదులుతూ ఉంటుంది. కనెక్షన్ ఇచ్చిన రోజు టెక్నీషియన్ దాని పాస్‌వర్డ్‌తోనే ఇంట్లో అందరి ఫోన్లూ కలిపి వెళ్లి ఉంటాడు. తర్వాత మీరు మంచి రౌటర్ కొని పెట్టినా ఆ పాత పేరు ఫోన్లలో అలాగే గుర్తుండిపోతుంది. రౌటర్‌లో ఎంత పకడ్బందీగా నియమం పెట్టినా, నెట్ ఆగగానే ఫోన్ దానంతటదే మోడెం వైఫైకి మారిపోతుంది. మోడెం నుంచి వెళ్లే నెట్ రౌటర్ కంట్లో పడనే పడదు.

కాబట్టి మోడెం వైఫైని ఆపేయాలి. రౌటర్‌తో సంబంధం లేకుండా నేరుగా మోడెం వైఫైకే ల్యాప్‌టాప్ కలిపి, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి:

```
ipconfig
```

అందులో Default Gateway అన్న వరుసలో ఉన్న అంకెలే ఆ మోడెం చిరునామా. జియోఫైబర్‌లో అది 192.168.29.1, చాలా మోడెంలలో 192.168.1.1 ఉంటుంది. ఆ అంకెల్ని బ్రౌజర్‌లో కొడితే లాగిన్ పేజీ వస్తుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మామూలుగా పెట్టె కింద స్టిక్కర్ మీద ఉంటాయి. లోపల WLAN లేదా Wireless కింద 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ రెండింటినీ ఆపాలి. ఒకటి ఆపి రెండోది మర్చిపోవడం తరచూ జరుగుతుంది. ఆ పేజీ మీకు తెరుచుకోకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, సొంత రౌటర్ ఉంది కాబట్టి మోడెంలో వైఫై ఆపేయమని అడగండి. అది వాళ్లు తమ దగ్గర నుంచే చేయగల పని.

మీ ఇంట్లో కంపెనీ వాళ్లిచ్చిన పెట్టె ఒక్కటే ఉంటే ఈ గొడవ లేదు. అప్పుడు అదే మీ రౌటర్. దాని లోపల Parental Controls ఉందో లేదో చూడండి. లేకపోతే, లేదా అందులో టైమ్ పెట్టే చోటు లేకపోతే, విడిగా ఒక రౌటర్ కొనుక్కోవడం మంచిది. కొనేటప్పుడు ఒక్క సంగతి అడిగి తెలుసుకోండి. కొన్ని కొత్త మోడళ్లలో పిల్లల నియంత్రణకి సంబంధించిన కొన్ని సదుపాయాలకి విడిగా చందా కట్టాల్సి ఉంటుంది. మీకు కావాల్సిన రాత్రి టైమ్ సదుపాయం ఉచితంగా వస్తుందో లేదో కొనకముందే తేల్చుకోండి.

తర్వాత రౌటర్ గడియారం

రౌటర్‌కి మన గోడ గడియారం తెలియదు. లోపల తనకంటూ ఒక టైమ్ ఉంటుంది, నియమాలన్నీ దాని ప్రకారమే నడుస్తాయి. రౌటర్ వైఫైకి కలిసి ఉన్న ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో tplinkwifi.net అని కొట్టి లాగిన్ అవ్వండి. Advanced లోకి వెళ్లి System కింద Time & Language చూడండి. పాత మోడళ్లలో ఇది System Tools కింద Time Settings అని ఉంటుంది. అక్కడ టైమ్ జోన్ (GMT+05:30) ఉండాలి. జాబితాలో దాని పక్కన చెన్నై, కోల్‌కతా, ముంబయి, న్యూఢిల్లీ పేర్లు ఉంటాయి. బెంగళూరు పేరు కనిపించలేదని వెతుక్కోకండి, అదే మనది. టైమ్‌ని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునేలా పెట్టి, సేవ్ చేసి, పేజీలో కనిపించే టైమ్ మీ ఫోన్ టైమ్‌తో నిమిషం తేడా లేకుండా ఉందో లేదో చూడండి.

దీన్ని దాటేస్తే వచ్చే లక్షణాలు తమాషాగా ఉంటాయి, కానీ లెక్క కట్టి పట్టుకోవచ్చు. టైమ్ జోన్ గ్రీనిచ్‌లో ఉండిపోతే రౌటర్ మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. మీరు రాత్రి 9:30 అని పెట్టింది మన లెక్కలో తెల్లవారుజామున 3:00కి మొదలై, మధ్యాహ్నం దగ్గరపడ్డాక 11:30కి ముగుస్తుంది. అంటే పిల్లాడు అర్ధరాత్రి దాటినా హాయిగా చూస్తుంటాడు, ఆదివారం పొద్దున మాత్రం నెట్ లేదని గోల చేస్తాడు. అదే చైనా టైమ్‌లో ఉంటే రౌటర్ రెండున్నర గంటలు ముందుంటుంది. అప్పుడు సాయంత్రం 7:00కే నెట్ ఆగి, తెల్లవారుజామున 3:30కి వచ్చేస్తుంది. నెట్ ఆగాల్సిన టైమ్‌కీ నిజంగా ఆగిన టైమ్‌కీ మధ్య తేడా ఐదున్నర గంటలో రెండున్నర గంటలో అయితే ఇంకేమీ వెతకక్కర్లేదు, టైమ్ జోన్ మార్చండి చాలు.

కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ఈ గడియారాన్నే అనుమానించాలి. చాలా రౌటర్లలో టైమ్‌ని దాచుకునే చిన్న బ్యాటరీ ఉండదు. ఆన్ అయినప్పుడల్లా ఏదో పాత తేదీతో, ఒక్కోసారి 1970తో, మొదలవుతాయి. నెట్ కలిసిన తర్వాత సర్వర్‌ని అడిగి సరైన టైమ్ తెచ్చుకుంటాయి. నెట్ కలిసేలోపు ఎలాగూ నెట్ లేదు కాబట్టి ఆ కాసేపు ఇబ్బంది లేదు. నెట్ వచ్చినా టైమ్ సర్వర్ పలకనప్పుడే ఇబ్బంది. రాత్రి పదకొండుకి కరెంటు పోయి వచ్చాక ఫోన్‌లో నెట్ నడుస్తోంది అంటే ముందు ఈ పేజీ తెరిచి తేదీ చూడండి. టైమ్ సర్వర్ చిరునామా మార్చే గడి ఉంటే అందులో pool.ntp.org అని పెట్టవచ్చు. రౌటర్‌కీ మోడెంకీ కలిపి ఒక చిన్న 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టుకున్నా ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. అయితే కొనే ముందు రెండింటి అడాప్టర్ల మీద 12V అనే రాసి ఉందా, యూపీఎస్ ఇచ్చే యాంపియర్లు రెండింటికీ చాలతాయా అని చూసుకోండి.

పిల్లాడి పరికరాల్ని రౌటర్ ఎలా గుర్తుపడుతుంది

ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు, అందుకని దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

రౌటర్‌కి ఫోన్ పేరుతో పనిలేదు. ప్రతి పరికరానికీ పన్నెండు అక్షరాల మ్యాక్ అడ్రస్ ఒకటి ఉంటుంది, రౌటర్ దాన్ని బట్టే ఆపుతుంది. ఒకప్పుడు ఈ అడ్రస్ ఫ్యాక్టరీలో వేసిందే చివరిదాకా ఉండేది. ఇప్పుడు అలా కాదు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి, ఫోన్ తన అసలు అడ్రస్ దాచి ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత అడ్రస్ చూపిస్తుంది. బయట వైఫైలలో మనల్ని ఎవరూ వెంటాడకుండా ఇది మంచిదే. ఇంట్లో మాత్రం, సెట్టింగ్స్‌లో ఒక్క మీట మారిస్తే చాలు, పిల్లాడి ఫోన్ రౌటర్ కళ్లకి కొత్త ఫోన్ అయిపోతుంది. కొత్త ఫోన్ మీద ఏ నియమమూ ఉండదు. స్కూల్లో ఈ చిట్కా తెలియని పిల్లలు తక్కువ.

కల్పిత అడ్రస్‌ని చూడగానే పట్టుకోవచ్చు. రౌటర్ పేజీలో Network Map లోని Clients తెరిచి అడ్రస్‌లో రెండో అక్షరం చూడండి. అది 2, 6, A, E లలో ఏదైనా అయితే ఫోన్ కల్పించుకున్నదని అర్థం. ఉదాహరణకి ఇది అలాంటిదే:

```
DA:A1:19:5C:07:3E
```

మొదటి అక్షరం D, రెండోది A. జాబితాలో ఇలాంటివి నాలుగైదు ఉండి ఏది ఎవరిదో తెలియకపోతే, పిల్లాడి ఫోన్‌లో వైఫై ఆపి రెండు నిమిషాలు ఆగి పేజీని రిఫ్రెష్ చేయండి. మాయమైనదే ఆ ఫోన్. దానికి అక్కడికక్కడే పేరు మార్చి పెట్టుకోండి.

ఇప్పుడు పిల్లాడి మూడు పరికరాల్లోనూ, మీ ఇంటి వైఫైకి మాత్రమే, కల్పిత అడ్రస్ ఆపండి. మామూలు ఆండ్రాయిడ్‌లో వైఫై పేరు పక్కనున్న చక్రం గుర్తు నొక్కి Privacy లో Use device MAC ఎంచుకోవాలి. శామ్‌సంగ్‌లో అదే చోట View more నొక్కితే MAC address type వస్తుంది, అందులో Phone MAC పెట్టాలి. ఐఫోన్‌లో వైఫై పేరు పక్కన i గుర్తు నొక్కి Private Wi-Fi Address ని Off చేయాలి. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో Network & internet కింద Wi-Fi లో Random hardware addresses ఆఫ్‌లో ఉండాలి. తర్వాత వైఫైని ఒకసారి ఆపి కలిపితే రౌటర్ జాబితాలో అసలు అడ్రస్ కనిపిస్తుంది. జాబితాలో పాత కల్పిత అడ్రస్ కూడా ఉంటే దాన్ని తీసేయకండి, అది కూడా నియమంలో ఉండాలి. పిల్లాడు మీటని మళ్లీ వెనక్కి తిప్పితే చాలా ఫోన్లలో ఆ పాత అడ్రసే తిరిగి వస్తుంది. అప్పుడు కూడా నియమం పట్టుకుంటుంది.

నియమం పెట్టడం

రౌటర్ పేజీలో Advanced కింద Parental Controls తెరవండి. కొత్త మోడళ్లలో ఇది HomeShield కింద ఉంటుంది. Add నొక్కి ఒక ప్రొఫైల్ తయారు చేయండి. పేరు అబ్బాయిదే పెట్టండి. పరికరాలు అడిగినప్పుడు ఫోన్, ల్యాప్‌టాప్, టాబ్, పైన చెప్పిన కల్పిత అడ్రస్, అన్నీ కలపండి. హాల్లో టీవీని ఇందులో కలపొద్దని మా సలహా. పెద్దవాళ్లు కూర్చునే చోట ఉన్న టీవీకి మనిషి చూపు చాలు. దాన్ని ఆపితే నానమ్మ పడే ఇబ్బంది వల్ల నాలుగో రోజుకి మొత్తం నియమాన్నే తీసేయాల్సి వస్తుంది.

తర్వాత Bedtime వస్తుంది. చాలా ఆర్చర్ మోడళ్లలో ఇక్కడ School Nights అంటే ఆదివారం నుంచి గురువారం, Weekend అంటే శుక్ర, శనివారాలు. శనివారం బడి లేని దేశాల లెక్క అది. మన పిల్లల్లో చాలామందికి శనివారం కూడా బడి ఉంటుంది. అలాగే వదిలేస్తే శుక్రవారం రాత్రి పొద్దుపోయేదాకా నెట్ ఉండి, శనివారం పొద్దున స్కూల్ బస్సు దగ్గర గొడవ అవుతుంది. మీ రౌటర్‌లో రోజులు విడివిడిగా ఎంచుకునే వీలుంటే ఆదివారం నుంచి శుక్రవారం దాకా 9:30, శనివారం 10:30 అని పెట్టండి. ఆ రెండు గుంపులే ఉంటే రెండింటికీ 9:30 పెట్టి, శనివారం రాత్రి కావాల్సినంతసేపు మీరే చేత్తో తెరవండి.

రాత్రి టైమ్ అర్ధరాత్రి దాటుతుంది కదా, కొన్ని రౌటర్లకి అది అర్థం కాదు. 21:30 నుంచి 06:00 అని కొడితే ముగింపు టైమ్ మొదలుకంటే ముందుంది అని ఒప్పుకోవు, లేదా ఒప్పుకున్నట్టే ఉండి ఏమీ ఆపవు. అలాంటప్పుడు నియమాన్ని రెండు ముక్కలు చేయాలి: 21:30 నుంచి 23:59 వరకు ఒకటి, 00:00 నుంచి 06:00 వరకు ఇంకొకటి. రెండో ముక్కకి రోజులు ఒకటి జరుగుతాయి. మొదటి ముక్క ఆదివారం నుంచి శుక్రవారం అయితే, రెండోది సోమవారం నుంచి శనివారం. దాన్ని కూడా ఆదివారం నుంచే పెడితే శుక్రవారం అర్ధరాత్రి దాటగానే నెట్ వచ్చేస్తుంది. శనివారం రాత్రికి 22:30 నుంచి 23:59, ఆదివారం 00:00 నుంచి 06:00 అని ఇంకో జత చేర్చుకోవాలి.

పాత మోడళ్లలో ఈ పెట్టెల బదులు వారం మొత్తం గళ్ల పట్టికలా కనిపిస్తుంది. గంటకో గడి రంగు మారుస్తూ వెళ్లాలి. రంగు వేసిన గడి అంటే నెట్ ఉన్నట్టా ఆగినట్టా అన్నది ఒక్కో రౌటర్‌లో ఒక్కోలా ఉంటుంది, పట్టిక కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. చదవకుండా నింపితే పగలంతా నెట్ లేక, రాత్రంతా నెట్ ఉండే ఇల్లు తయారవుతుంది. అరగంట గళ్లు లేకపోతే తొమ్మిదా, పదా అన్నది మీరే తేల్చుకోవాలి.

సేవ్ చేసి బయటికి వచ్చే ముందు రౌటర్ లాగిన్ పాస్‌వర్డ్ మార్చండి. అది వైఫై పాస్‌వర్డ్‌తో సమానంగా ఉండకూడదు, స్టిక్కర్ మీదిదీ కాకూడదు. రౌటర్‌ని ఫోన్ నుంచే నడిపే టీపీ-లింక్ టెథర్ యాప్ పెట్టుకున్నవాళ్లు ఆ ఫోన్ లాక్ పిల్లలకి తెలుసా అని కూడా ఆలోచించుకోండి.

రాత్రి దాకా ఆగకుండా ఇప్పుడే పరీక్షించండి

ఇప్పుడు సాయంత్రం ఐదైతే, మొదలయ్యే టైమ్‌ని తాత్కాలికంగా 5:05 అని పెట్టండి. పిల్లాడి ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, ఒక యూట్యూబ్ వీడియో నడుస్తూ ఉండగా 5:05 దాటనివ్వండి. వీడియో కాసేపు నడవచ్చు, ముందే దింపుకున్న భాగం అయిపోయేదాకా ఆగదు. అది లెక్క కాదు. నిమిషం తర్వాత ఇంతకుముందు ఎప్పుడూ తెరవని ఒక సైట్ తెరవండి. తెరిచిన సైట్లయితే ఫోన్ దాచుకున్న పాత పేజీ చూపించి మోసపుచ్చుతుంది.

అంతా ఆగితే సరే. ఆగకపోతే ఎలా ఆగలేదో చూస్తే కారణం తెలుస్తుంది.

యూట్యూబ్, గూగుల్ తెరుచుకుంటూ, కొన్ని చిన్న సైట్లు మాత్రమే ఆగిపోతే అది ఐపీవీ6 అనే కొత్త నెట్ దారి పని. కొన్ని రౌటర్లలో ఈ నియమం పాత ఐపీవీ4 దారిని మాత్రమే మూస్తుంది. పెద్ద కంపెనీల సైట్లు రెండు దార్లలోనూ వస్తాయి, చిన్నవి చాలావరకు పాత దారిలోనే ఉన్నాయి. అందుకే సగం తెరుచుకుంటాయి, సగం ఆగుతాయి. ముందు రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్‌ని, అంటే ఫర్మ్‌వేర్‌ని, అప్‌డేట్ చేసి చూడండి. అప్పటికీ అలాగే ఉంటే Advanced లో IPv6 ని ఆపేయండి. మామూలు ఇంటి వాడకంలో దానివల్ల పెద్దగా లోటు కనిపించదు.

కొత్తవేవీ తెరుచుకోకుండా, అప్పటికే నడుస్తున్న ఆటో వీడియో కాలో మాత్రం పది నిమిషాలు దాటినా ఆగకపోతే, మీ రౌటర్ కొత్త కనెక్షన్లనే అడ్డుకుంటోంది, నడుస్తున్న వాటిని తెంపడం లేదు. అందుకే ఆట మధ్యలో ఆగడం లేదు, తొమ్మిదీ ఇరవైకి మొదలైతే పదిన్నర దాకా నడుస్తుంది. దీనికీ మొదటి మందు ఫర్మ్‌వేర్ అప్‌డేటే. NAT Boost లాంటి వేగం పెంచే మీట ఉంటే దాన్ని ఆపి మళ్లీ పరీక్షించండి. రౌటర్‌లో Reboot Schedule ఉంటే సరిగ్గా 9:31కి పెట్టినా అన్నీ తెగుతాయి. కానీ రెండు మూడు నిమిషాలు ఇల్లంతటికీ నెట్ పోతుంది కాబట్టి నాన్న కాల్ ఉన్న ఇంట్లో అది కుదరదు.

ఏమీ ఆగకపోతే Clients జాబితా తెరవండి. ఆ ఫోన్ ఏ అడ్రస్‌తో కనిపిస్తోందో, అది ప్రొఫైల్‌లో ఉన్నదేనా అని చూడండి. జాబితాలో ఫోనే లేకపోతే అది వేరే వైఫై మీద ఉంది.

పరీక్ష అయ్యాక టైమ్‌ని మళ్లీ 9:30కి మార్చడం మర్చిపోకండి.

మీట తిప్పే పిల్లాడు ఉంటే

అసలు అడ్రస్‌నీ కల్పిత అడ్రస్‌నీ రెండింటినీ కలిపినా, డెవలపర్ ఆప్షన్లలోకి వెళ్లి ప్రతిసారీ కొత్త అడ్రస్ పుట్టించేవాళ్లు ఉంటారు. అలాంటప్పుడు లెక్కని తలకిందులు చేయాలి. ఆపాల్సిన వాటిని రాసే బదులు, అనుమతి ఉన్న వాటినే రాయాలి. రౌటర్‌లో Access Control ఉంటుంది. అందులో Whitelist లేదా Allow List పెడితే జాబితాలో లేని ఏ అడ్రస్‌కీ నెట్ రాదు. పిల్లాడు అడ్రస్ మారిస్తే వాడికి పగలు కూడా నెట్ పోతుంది, తిరిగి పాతదానికే వస్తాడు.

ఇది బలమైన పద్ధతి, కానీ దీనికి ఓపిక కావాలి. మీట వేయకముందే ఇంట్లో ప్రతి పరికరాన్నీ జాబితాలో పెట్టాలి: మీ ఫోన్లు, ఆఫీసు ల్యాప్‌టాప్‌లు, టీవీ, కెమెరా, వాషింగ్ మెషీన్‌కి వైఫై ఉంటే అది కూడా. పెద్దవాళ్ల ఫోన్లలోనూ కల్పిత అడ్రస్ ఆపాలి, లేదంటే ఏదో ఒక అప్‌డేట్ తర్వాత మీకే నెట్ రాదు. మీరు ఏ ల్యాప్‌టాప్ నుంచి ఈ పని చేస్తున్నారో దాన్ని అన్నిటికంటే ముందు కలపండి. అది లేకుండా సేవ్ చేస్తే కొన్ని రౌటర్లలో మీరే బయట ఉండిపోయి, రీసెట్ బటన్ నొక్కి అన్నీ మొదటినుంచి చేసుకోవాల్సి వస్తుంది. ఊరినుంచి అత్తయ్య వాళ్లు వచ్చినప్పుడల్లా వాళ్ల ఫోన్లనీ కలపాలి. అందుకే అవసరం కనబడేదాకా దీని జోలికి వెళ్లొద్దు.

రౌటర్ చేయలేనిది

పిల్లాడి ఫోన్‌లో సిమ్ ఉంటే రౌటర్ నియమం సగం పనే చేస్తుంది. పైగా ఒక చిక్కు ఉంది. వైఫై కలిసి ఉండి నెట్ రాకపోతే, చాలా ఫోన్లు అడగకుండానే మొబైల్ డేటాకి మారిపోతాయి. ఆండ్రాయిడ్‌లో Switch to mobile data లాంటి పేరుతో, ఐఫోన్‌లో Wi-Fi Assist పేరుతో ఈ మీట ఉంటుంది. అంటే తొమ్మిదిన్నరకి రౌటర్ ఆపగానే ఫోన్ నిశ్శబ్దంగా సిమ్ మీదకి వెళ్తుంది, రోజువారీ డేటా కరిగిపోతూ ఉంటుంది. పొద్దున్నే డేటా అయిపోయిందని మెసేజ్ వస్తే నెట్ ఎటు వెళ్లిందో మీకు తెలిసినట్టే. ఈ మీటని ఆపండి. ఆ పైన ఫోన్ లోపలే రాత్రి టైమ్ పెట్టాలి: ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఫ్యామిలీ లింక్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్‌లో Downtime. రెండు చోట్లా టైమ్ ఒకటే ఉండాలి, లేకపోతే ఏది ఆపుతోందో తెలియక మీరే తికమక పడతారు. సిమ్ లేని టాబ్‌కీ ల్యాప్‌టాప్‌కీ రౌటర్ ఒక్కటే చాలు, అయితే మీ ఫోన్ హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ పిల్లలకి తెలియకూడదు. ఇంట్లో ఎవరి ఫోన్‌లోనైనా వైఫై పేరు నొక్కి Share అంటే క్యూఆర్ కోడ్ వస్తుంది కదా, పక్క ఫ్లాట్ వాళ్ల వైఫై కూడా పిల్లల మధ్య అలాగే తిరుగుతుంది. వాళ్లతో మంచి మాట ఉంటే ఒకసారి చెప్పి ఉంచడం నయం.

ఇది పిల్లాడికి తెలియకుండా పెట్టొద్దు. తెలియకపోతే నెట్ పాడైందనుకుని వాడు రౌటర్‌ని ఆపి వేస్తాడు, లేదా సూది పెట్టి వెనక రీసెట్ రంధ్రం నొక్కుతాడు. అప్పుడు మీ నియమాలన్నీ చెరిగిపోయి ఇల్లంతటికీ నెట్ పోతుంది. తొమ్మిదిన్నర దాటాక అసైన్‌మెంట్ పంపాల్సి వస్తే ఏం చేయాలో కూడా ముందే చెప్పండి. యాప్‌లో ఆ ప్రొఫైల్‌ని పావుగంట తెరవడం మీకు అర నిమిషం పని. కానీ మళ్లీ మూసే అలారం మీ ఫోన్‌లో పెట్టుకోండి, చాలా రౌటర్లలో చేత్తో తెరిచింది దానంతటది మూసుకోదు.

అన్నీ కుదిరాక రౌటర్ పేజీలో Backup & Restore కింద సెట్టింగ్స్‌ని ఒక ఫైల్‌గా దింపి మీ ల్యాప్‌టాప్‌లో ఉంచుకోండి. రీసెట్ అయిన రోజున ఆ ఫైల్ ఎక్కిస్తే ప్రొఫైల్స్, అడ్రస్‌లు, టైమ్ జోన్ అన్నీ తిరిగి వస్తాయి. అదే మోడల్ రౌటర్‌కి మాత్రమే అది పనికొస్తుంది. పిల్లాడికి కొత్త ఫోన్ కొన్నప్పుడు కల్పిత అడ్రస్ ఆపడం దగ్గర నుంచి మళ్లీ చేసి, కొత్త ఫైల్ దింపుకోవాలి.